గల్ఫ్‌కి పనికి వెళ్ళాక ఊళ్ళో మొదలుపెట్టిన సిప్‌లు, షేర్లు ఎలా సర్దుకోవాలి

దుబాయ్, మస్కట్, దోహా, రియాద్ ఎక్కడికైనా సరే, పనికి వెళ్ళిన మనవాళ్ళలో చాలామందికి ఊళ్ళో ఉన్నప్పుడే ఫోన్లో యాప్ పెట్టుకుని మొదలుపెట్టిన సిప్ ఒకటో రెండో ఉంటాయి, కొందరికి షేర్లు కూడా ఉంటాయి. ఫ్లైట్ ఎక్కాక కూడా అవి అలాగే నడుస్తుంటాయి, అదే పాత సేవింగ్స్ అకౌంట్ నుంచి నెలనెలా డబ్బు కట్ అవుతుంటుంది, ఎవరూ ఏమీ అడగరు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. నేనూ షార్జాలో నాలుగేళ్ళు అలాగే అనుకున్నా. చెల్లి పెళ్ళికని ఫండ్ అమ్మబోతే అప్పుడు తెలిసింది, బ్యాంకు కేవైసీ మళ్ళీ ఇవ్వలేదని అకౌంట్ ఆపేసింది, ఫండ్ డబ్బు రావాల్సింది ఆ అకౌంట్‌కే. పెళ్ళికి అప్పు తేవాల్సి వచ్చింది, సొంత డబ్బు ఉండి కూడా. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా, మీరు వెళ్ళిన కొత్తలోనే చేసుకుంటే నెల రోజుల పని, ఆలస్యం చేస్తే చాలా తిప్పలు.

మొదట మీరు ఎన్ఆర్ఐనా కాదా అనేది తేల్చుకోవాలి, ఇక్కడే అందరూ తికమక పడతారు, ఎందుకంటే దీనికి రెండు చట్టాలు ఉన్నాయి, రెండూ వేరే వేరేగా లెక్కేస్తాయి. ఒకటి ఫెమా, 1999 నాటి విదేశీ మారక చట్టం. మీరు ఏ అకౌంట్ పెట్టుకోవచ్చు, షేర్లు ఏ దారిలో కొనొచ్చు అనేది ఇది చెప్తుంది. రెండోది ఇన్‌కమ్ టాక్స్ చట్టం, అది పన్ను ఎంత కట్టాలో చెప్తుంది. ఫెమా ప్రకారం ఉద్యోగం కోసం దేశం దాటిన వాళ్ళు దాటిన రోజు నుంచే నాన్ రెసిడెంట్, ఆరు నెలలు అవ్వాలి, ఏడాది అవ్వాలి అన్నది లేదు. ఇన్‌కమ్ టాక్స్ మాత్రం రోజులు లెక్కపెడుతుంది, ఉద్యోగానికి వెళ్ళిన భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ ఏడాదికి రెసిడెంట్, తక్కువ ఉంటే నాన్ రెసిడెంట్.

మా పెద్దమ్మ కొడుకు, నాకు వరసకి తమ్ముడు, వాడి విషయం చెప్తా, అర్థమవుతుంది. జగిత్యాల దగ్గర మా ఊరే, ఏసీ టెక్నీషియన్. 2024 సెప్టెంబర్ 14న ఉద్యోగం వీసా మీద దుబాయ్ వెళ్ళాడు. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే వెళ్ళిన రోజుతో కలిపి 167 రోజులు ఇక్కడ ఉన్నాడు, 182 కన్నా తక్కువ, కాబట్టి 2024-25కి రెండు చట్టాల్లోనూ ఎన్ఆర్ఐ. వాడితో పాటే అప్లై చేసిన స్నేహితుడికి వీసా లేట్ అయ్యి నవంబర్ 20న వెళ్ళాడు. అతనికి 234 రోజులు అయ్యాయి. అతను ఫెమాకి నవంబర్ 20 నుంచే నాన్ రెసిడెంట్, కానీ పన్నుకి ఆ ఏడాది మొత్తం రెసిడెంట్, అంటే మార్చి 31 దాకా దుబాయ్‌లో వచ్చిన జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. గల్ఫ్ జీతానికి ఇండియాలో పన్ను లేదు అని అందరూ అంటారు, అది నాన్ రెసిడెంట్ అయిన ఏడాదికే నిజం, వెళ్ళిన మొదటి ఏడాది చాలామందికి నిజం కాదు. అతని జీతం చిన్నది కాబట్టి రిబేట్‌లో పన్ను ఏమీ పడలేదు, అయినా చూపించాల్సిందే.

మీ పాస్‌పోర్ట్‌లో ఎగ్జిట్ స్టాంప్ ఉన్న పేజీ ఫోటో తీసి దాచుకోండి, ప్రతి రాకపోకకీ అలాగే చేయండి. రోజుల లెక్కకి అదే సాక్ష్యం. మధ్యలో రెండు నెలలు సెలవు మీద ఇంటికి వస్తే స్టేటస్ మారదు, ఇండియాలో వచ్చే ఆదాయం 15 లక్షలు దాటని వాళ్ళకి సెలవుల్లో కూడా ఆ 182 రోజుల లెక్కే వర్తిస్తుంది. వీసా క్యాన్సిల్ అయ్యి వచ్చి ఇక ఇక్కడే అనుకుని ఆగిపోతే అది వేరే సంగతి, చివర్లో చెప్తా.

ఇప్పుడు బ్యాంకు. షేర్లు, ఫండ్లు రెండూ బ్యాంకు అకౌంట్ మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి దీనితోనే మొదలుపెట్టాలి, చాలామంది ముందు ఫండ్ కంపెనీకి వెళ్ళి అక్కడ ఆగిపోతారు. ఊళ్ళో ఉన్న మామూలు సేవింగ్స్ అకౌంట్ నాన్ రెసిడెంట్ పెట్టుకోకూడదు, దాన్ని ఎన్ఆర్ఓగా మార్చమని బ్యాంకులో ఫారం ఇవ్వాలి. అకౌంట్ మూసేయక్కర్లేదు, స్టేటస్ మారుస్తారు, అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే అవి కూడా ఎన్ఆర్ఓ కింద మారతాయి. దానితో పాటు ఎన్ఆర్ఈ అని ఇంకో అకౌంట్ కొత్తగా తెరవండి. తేడా గుర్తుపెట్టుకోవడం ఈజీ: ఇండియాలో పుట్టిన డబ్బు ఎన్ఆర్ఓలోకి, అంటే ఇంటి అద్దె, పాత ఫండ్లు అమ్మిన డబ్బు, డివిడెండ్లు అన్నీ. అక్కడ సంపాదించి పంపిన డబ్బు ఎన్ఆర్ఈలోకి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, డబ్బు ఎప్పుడైనా తిరిగి బయటికి తీసుకెళ్ళొచ్చు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద మాత్రం బ్యాంకు 30 శాతం టీడీఎస్, అంటే మన చేతికి ఇచ్చే ముందే కోసే పన్ను, దాని మీద సెస్ కలిపి 31.2 శాతం కోసేస్తుంది, బయటికి పంపాలన్నా ఏడాదికి 10 లక్షల డాలర్ల పరిమితి, దానికి కాగితాలు కావాలి. ఎన్ఆర్ఈలో రూపాయి నోట్లు కట్టడం కుదరదు, హుండీలో పంపిన డబ్బు కూడా అందులోకి రాదు, ఎక్స్‌చేంజ్ హౌస్ లేదా బ్యాంకు నుంచి వచ్చిందే పడుతుంది.

ఇంట్లో భార్య ఏటీఎం కార్డు ఆ పాత అకౌంట్‌దే వాడుతుంటే, మార్చే ముందే ఆలోచించుకోండి. ఆమె పేరున వేరే సేవింగ్స్ అకౌంట్ తెరిచి ఖర్చులకి అందులోకి పంపడం నా లెక్కలో అన్నిటికంటే సులువు. కొందరు ఆ డబ్బుతో భార్య పేరునే సిప్ పెడతారు, అది తప్పేమీ కాదు, భార్యకి ఇచ్చిన డబ్బు మీద పన్ను లేదు, కానీ దాని మీద వచ్చే లాభం పన్ను లెక్కలో మళ్ళీ మీ ఆదాయంలోనే కలుస్తుంది, ఆమె ఆదాయంలో కాదు.

కాగితాలు: పాస్‌పోర్ట్, వీసా పేజీ లేదా అక్కడి రెసిడెంట్ ఐడీ, పాన్, అక్కడి అడ్రస్‌కి ఒక రుజువు. క్యాంపుల్లో, కంపెనీ అకామిడేషన్‌లో ఉండేవాళ్ళకి ఈ చివరిదే కష్టం, మన పేరున కరెంట్ బిల్లు, రూమ్ అగ్రిమెంట్ ఎక్కడ ఉంటుంది. అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్ మీద అడ్రస్ ఉంటే చూపించండి, లేకపోతే కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది ఒప్పుకుంటారా అని బ్రాంచ్‌లో ముందే అడిగి ఆ తర్వాతే కంపెనీని అడగండి. అక్కడి నుంచి పంపితే కాపీల మీద ఇండియన్ ఎంబసీ లేదా నోటరీ లేదా మన బ్యాంకు విదేశీ బ్రాంచ్ ఆఫీసర్ సంతకం అడుగుతారు. సెలవుకి వచ్చినప్పుడు ఒరిజినల్స్ పట్టుకుని బ్రాంచ్‌కి వెళ్తే ఆ గోల తగ్గుతుంది, నేనైతే సెలవు మొదటి వారంలోనే ఈ పని పెట్టుకోమంటా, చివరి వారం పెడితే ఏదో ఒక సంతకం మిగిలిపోతుంది. ఇంకొకటి, మీ ఇండియా సిమ్ రీచార్జ్ చేయకపోతే నంబర్ పోతుంది, ఓటీపీ రాదు, నంబర్ ఇంకొకరికి వెళ్తుంది. అక్కడి నంబర్‌ని బ్యాంకులో, ఫండ్‌లో రిజిస్టర్ చేయించుకోండి లేదా సిమ్‌ని బతికించుకోండి.

ఎన్ఆర్ఓ నంబర్ చేతికొచ్చాక మ్యూచువల్ ఫండ్లకి వెళ్ళాలి. ముందు కేవైసీ రికార్డు మారాలి, దీన్ని కేఆర్ఏ అనే సంస్థలు చూస్తాయి, మీరు వాళ్ళ దగ్గరికి నేరుగా వెళ్ళక్కర్లేదు, మీకు ఫండ్ ఉన్న ఏ కంపెనీ ఆఫీసులోనైనా, క్యామ్స్ లేదా కేఫిన్ సెంటర్లో అయినా స్టేటస్ మార్పు ఫారం ఇస్తే చాలు, రెసిడెంట్ నుంచి ఎన్ఆర్ఐ అవుతుంది. కేవైసీ మారినంత మాత్రాన ఫోలియోలు, అంటే ఒక్కో ఫండ్ కంపెనీలో మీ ఖాతాలు, వాటంతట అవే మారిపోతాయని అనుకోవద్దు, ఒక్కో ఫండ్ కంపెనీలో ఫోలియోకి టాక్స్ స్టేటస్, బ్యాంకు అకౌంట్ రెండూ మార్చమని ఇవ్వాలి. పాత సిప్ మాండేట్ పాత అకౌంట్ టైపు మీద ఉంటుంది కాబట్టి దాన్ని ఆపి ఎన్ఆర్ఓ లేదా ఎన్ఆర్ఈ నుంచి కొత్త మాండేట్ పెట్టాలి. పాత యూనిట్లు అమ్మక్కర్లేదు, అవి అలాగే ఉంటాయి, రెసిడెంట్‌గా కొన్నవి కాబట్టి అమ్మిన డబ్బు ఎన్ఆర్ఓలోకి వస్తుంది. మా తమ్ముడికి మూడు ఫండ్లు ఉంటే పాతవన్నీ ఎన్ఆర్ఓకి కట్టించాడు, కొత్తగా నెలకి 3,000 సిప్ ఎన్ఆర్ఈ నుంచి మొదలుపెట్టాడు. జీతం దుబాయ్ నుంచి నేరుగా ఎన్ఆర్ఈలో పడుతుంది, అక్కడి నుంచే సిప్ వెళ్తుంది, డబ్బు ఎక్కడిదని రేపు ఎవరైనా అడిగితే ఒకటే స్టేట్‌మెంట్ చూపిస్తే సరిపోతుంది.

అన్నీ మారాయా లేదా అని ఎలా తెలుసుకోవాలంటే, నెలనెలా మెయిల్‌కి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ తెరిచి చూడండి, కేఆర్ఏ వెబ్‌సైట్లో పాన్ కొట్టి కేవైసీ స్టేటస్ కూడా చూడండి. హోల్డ్ అని ఉంటే కొత్త సిప్ పడదు. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్ ప్రొఫైల్లో రెసిడెన్షియల్ స్టేటస్ కూడా మార్చుకోండి, ఆధార్ ఉన్నవాళ్ళు పాన్‌కి లింక్ అయిందో లేదో చూసుకోండి. 2023లో లింక్ కాని పాన్‌లు పనిచేయకుండా పోయినప్పుడు స్టేటస్ తెలియజేయని ఎన్ఆర్ఐలవి కూడా చాలా అందులో పోయాయి.

షేర్లకి వస్తే పద్ధతి కొంచెం వేరు. చాలా బ్రోకర్ల దగ్గర పాత రెసిడెంట్ డీమ్యాట్‌ని మార్చడం ఉండదు, ఎన్ఆర్ఓ అకౌంట్‌కి కట్టిన కొత్త ఎన్ఆర్ఐ డీమ్యాట్, ట్రేడింగ్ తెరిచి, పాత దాంట్లోని షేర్లన్నీ కొత్త దానికి పంపి, పాతది మూసేయాలి. ఈ ఎన్ఆర్ఓ దారిని నాన్ పిస్ అంటారు, మనలాంటి వాళ్ళకి ఇదే చాలు. పిస్ అని ఇంకో దారి ఉంది, రిజర్వ్ బ్యాంకు పథకం, ఎన్ఆర్ఈ డబ్బుతో కొని మళ్ళీ బయటికి తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకి, దానికి ప్రత్యేక బ్యాంకు అకౌంట్, అదనపు ఛార్జీలు ఉంటాయి. పాత షేర్లు పిస్‌లో పెట్టకూడదు కాబట్టి అవి ఎలాగూ ఎన్ఆర్ఓ వైపే వెళ్తాయి.

షేర్లు పాత డీమ్యాట్ నుంచి కొత్త డీమ్యాట్‌కి మారినప్పుడు అమ్మినట్టు కాదు, యజమాని మీరే, కాబట్టి లాభం మీద పన్ను పడదు. కానీ కొత్త అకౌంట్లో కొన్న తేదీ, కొన్న ధర ఖాళీగా కనిపిస్తాయి. పాత అకౌంట్ మూసే ముందే లావాదేవీల స్టేట్‌మెంట్ మొత్తం డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, మూశాక ఆ రిపోర్టు తేవడం చాలా కష్టం, ఆ ధర లేకపోతే రేపు అమ్మినప్పుడు లాభం ఎంతో చెప్పలేరు, టీడీఎస్ ఎక్కువ పడుతుంది. ఇంకా, ఎన్ఆర్ఐకి ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేయడం, లేదు, కొన్నవి డెలివరీ తీసుకోవాలి. పాత యాప్‌లో ఇంకా ఇంట్రాడే చేసే తమ్ముళ్ళని నేను చూశా, రూమ్‌లో పని అయ్యాక ఫోన్ పట్టుకుని, అది ఫెమా ఉల్లంఘన. ఉల్లంఘనకి చట్టంలో జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉంది. ఇప్పటిదాకా తెలియక చేసినవాళ్ళు ఇంకా కొనడం ఆపి మీరే ముందుగా వెళ్ళి స్టేటస్ మార్చుకోండి, మొత్తం పెద్దదైతే ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ని కలవండి, రిజర్వ్ బ్యాంకు దగ్గర కాంపౌండింగ్ అనే పద్ధతి ఉంది, తప్పు మనమే చెప్పుకుని కట్టి ముగించుకునేది.

పీపీఎఫ్ ఉన్నవాళ్ళు భయపడక్కర్లేదు, రెసిడెంట్‌గా తెరిచింది గడువు దాకా నడుపుకోవచ్చు, కొత్తది మాత్రం తెరవకూడదు.

ఇక డబ్బు పోయే చోటు, పన్ను. రెసిడెంట్ ఫండ్ అమ్మితే ఫండ్ కంపెనీ టీడీఎస్ కోయదు. ఎన్ఆర్ఐ అమ్మితే కోసి మిగతాదే ఇస్తుంది. 2024 జులై 23 నుంచి ఈక్విటీ ఫండ్, షేర్లు ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం, రెండిటికీ పైన 4 శాతం సెస్. డివిడెండ్ మీద 20 శాతం, దానికీ సెస్.

రేట్లు రెసిడెంట్‌కీ ఇంచుమించు ఇవే కదా అంటారు, తేడా ఎక్కడంటే బేసిక్ మినహాయింపులో. 2025-26కి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. మా తమ్ముడు ఆ ఏడాది ఒక ఈక్విటీ ఫండ్‌లో ఎనిమిది నెలల కిందట కొన్న యూనిట్లు అమ్మాడు, లాభం 40,000. అతను ఇంట్లోనే ఉండి వేరే ఆదాయం లేకుంటే రెసిడెంట్‌గా ఆ 40,000 బేసిక్ మినహాయింపులో కలిసిపోయి పన్ను సున్నా అయ్యేది. ఎన్ఆర్ఐకి ఈక్విటీ లాభం మీద ఆ మినహాయింపు వాడుకునే వీలు లేదు, కాబట్టి 20 శాతం 8,000, సెస్‌తో 8,320 పోయాయి, తిరిగి రావు. ఇంకో నాలుగు నెలలు ఆగితే ఏడాది దాటేది, లాభం 1.25 లక్షల లోపే కాబట్టి పన్నే ఉండేది కాదు. ఆ 1.25 లక్షల మినహాయింపు ఎన్ఆర్ఐకి కూడా ఉంది. అందుకే మనలాంటి చిన్న మొత్తాల వాళ్ళు ఈక్విటీని ఏడాది దాటకుండా అమ్మకూడదు, అత్యవసరమైతే ముందు ఏ యూనిట్లకి ఏడాది దాటిందో చూసి వాటినే అమ్మండి, సిప్‌లో పాతవే ముందు పోతాయి కాబట్టి కొంచెం అమ్మితే సాధారణంగా పాతవే వెళ్తాయి.

డెట్ ఫండ్ కథ తిరగబడుతుంది. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న డెట్ ఫండ్ లాభం ఎంత కాలం ఉంచినా మామూలు స్లాబ్ ప్రకారమే, కానీ టీడీఎస్ మాత్రం 31.2 శాతం. అదే 40,000 లాభానికి 12,480 కోస్తారు. ఇది చూసి మావాడు డబ్బు పోయిందని బాధపడ్డాడు, కానీ స్లాబ్ ఆదాయానికి బేసిక్ మినహాయింపు ఎన్ఆర్ఐకీ ఉంటుంది, మొత్తం 4 లక్షల లోపే కాబట్టి రిటర్న్ వేస్తే 12,480 అంతా తిరిగి వస్తుంది. ఎన్ఆర్ఓ వడ్డీ మీద కోసింది కూడా ఇలాగే వస్తుంది. ఆదాయం తక్కువ కదా రిటర్న్ ఎందుకు అనుకుంటే ఈ డబ్బంతా ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది. ఎన్ఆర్ఐలు ఐటీఆర్-1 వేయకూడదు, లాభాలు ఉన్నప్పుడు ఐటీఆర్-2. వేసే ముందు ఫారం 26ఏఎస్, ఏఐఎస్ రెండూ డౌన్‌లోడ్ చేసి కోసిన టీడీఎస్ అంతా కనిపిస్తుందా చూడండి, కనిపించనిది రీఫండ్ రాదు, ఫండ్ కంపెనీని అడగాలి. రీఫండ్ పడే అకౌంట్ కూడా పోర్టల్లో వ్యాలిడేట్ అయి ఉండాలి, అక్కడ పాత సేవింగ్స్ ఉంటే ఎన్ఆర్ఓ అని టైపు మార్చి మళ్ళీ వ్యాలిడేట్ చేయండి.

తిరిగి వచ్చేసినప్పుడు ఇదంతా వెనక్కి తిప్పాలి. ఇక్కడే ఉండిపోదామని వచ్చిన రోజు నుంచే ఫెమాకి రెసిడెంట్, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ రెండూ రెసిడెంట్ అకౌంట్లుగా మార్చమని బ్యాంకుకి చెప్పాలి, ఆ తర్వాత ఎన్ఆర్ఈ వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు. పన్ను లెక్కలో మాత్రం మళ్ళీ రోజులే, కానీ సెలవుకి వచ్చేవాళ్ళకి ఉన్న 182 రోజుల వెసులుబాటు ఉండిపోవడానికి వచ్చినవాళ్ళకి ఉండదు, ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్ళలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటే. మా తమ్ముడి కాంట్రాక్ట్ 2026 సెప్టెంబర్‌లో అయిపోతుంది, అక్టోబర్ 10న వస్తే ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 173 రోజులు అవుతాయి, అంతకుముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఎప్పుడో దాటాడు, కాబట్టి మధ్యలో సెలవుకి రాకపోయినా పన్నుకి రెసిడెంటే. అక్కడి చివరి జీతం, గ్రాట్యుటీ బయలుదేరే ముందే ఎన్ఆర్ఈలోకి పంపుకుని, వచ్చాక బ్యాంకుకి వెళ్తాడట, ఆ ఏడాది అక్కడి జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపించాల్సిందే.